జిమ్ ఫీజును నెలలతో కాదు, పోయిన రోజులతో భాగించాలి

హాస్టల్‌లో ఉంటూ జిమ్‌లో చేరాలా, లేకపోతే డంబెల్స్ కొనుక్కుని రూములోనే చేసుకోవాలా అని మన తమ్ముళ్లు ఎప్పుడూ అడుగుతుంటారు. ఒక్క మాటలో జవాబు చెప్తే ఉపయోగం లేదు. అందుకే ఎర్రగడ్డలో మా రూములో జరిగిన లెక్కనే ఇక్కడ రాస్తున్నా. మా రూమ్మేట్‌ను అడిగే రాస్తున్నా. వాడిది ఉట్నూరు వైపు, గోండు పిల్లవాడు.

2025 సెప్టెంబరు మధ్యలో వాడు మా హాస్టల్ దగ్గరున్న ఒక జిమ్‌లో చేరాడు. అక్కడ నెలకైతే 1,500, మూడు నెలలకు 3,600, ఏడాదికి 9,000 రూపాయలు. వాడు మూడు నెలలది తీసుకున్నాడు. అడ్మిషన్ ఫీజు 500 కలిపితే 4,100 అయింది. ఆదివారాలు జిమ్ ఉండదు కాబట్టి మూడు నెలల్లో తెరిచి ఉండేది 78 రోజులు. "రోజుకు యాభై మూడు రూపాయలేరా, రెండు చాయ్‌లు, ఒక సమోసా మానేస్తే సరిపోతది" అన్నాడు. లెక్క చూస్తే తప్పేమీ లేదు.

కానీ 78 అనేది జిమ్ తెరిచి ఉన్న రోజుల లెక్క. వాడు పోయిన రోజులు వేరు. ఆ జిమ్‌లో వేలిముద్ర పెడితేనే లోపలికి పోనిస్తారు కాబట్టి హాజరు పక్కాగా తెలుస్తుంది. మొదటి నెలలో దసరా సెలవులకు ఊరికి పోయాడు, 14 రోజులు వచ్చాయి. రెండో నెలలో దీపావళికి ఊళ్లో దండారి. గుస్సాడీ ఆడే ఇంటి పిల్లవాడు ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఎందుకు ఉంటాడు? ఆ నెల 12 రోజులు. మూడో నెలలో ఇంటర్నల్స్, రికార్డులు, 6 రోజులు. మొత్తం 32. ఇప్పుడు 4,100ని 32తో భాగిస్తే ఒక్కసారి పోయినందుకు 128 రూపాయలు పడింది. అదే జిమ్‌లో ఒక్క రోజుకు పోతే 100 తీసుకుంటారు. అంటే ఏ ప్యాకేజీ లేకుండా పోయిన రోజుకు డబ్బు కట్టినా 3,200తో అయిపోయేది.

ఇది మా వాడి బద్ధకం కథ కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల హాజరు లెక్కలు తీసి 2006లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారు. ఒక్కో రాకకు 17 డాలర్లు దాటింది. అదే జిమ్‌లో పదిసార్ల పాస్ కొంటే ఒక్కోసారికి 10 డాలర్లే. ఫీజు కట్టే రోజు మనిషి తనను తాను ఎక్కువ అంచనా వేసుకుంటాడని వాళ్లు చెప్పిన ముఖ్య కారణం. మన విషయంలో దానికి ఇంకోటి కలుస్తుంది. మన క్యాలెండర్ వేరు. దసరా, దండారి, సంక్రాంతి, నాగోబా జాతర, రెండేళ్లకోసారి మేడారం, మధ్యలో పరీక్షలు, మేలో హాస్టల్ ఖాళీ. ప్యాకేజీ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

అందరికీ జిమ్ దండగ అని కూడా అనలేం. మా దగ్గరలోనే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ఉన్నాయి. సినిమాల్లో చిన్న వేషాలు, ఫైట్లు చేసేవాళ్లు అక్కడ ఎక్కువ. వాళ్లకు ఒళ్లే పని. అట్లాంటి మనిషి నెలకు 25 రోజులు పోతే నెలకు 1,500 కట్టినా ఒక్కసారికి 60 రూపాయలే పడుతుంది. 60 రూపాయలకు వంద కిలోల బరువులు, బెంచీలు, చూసి సరిచేసే కోచ్ దొరికితే అది చవకే.

ఇక రెండో వైపు. ఆ అక్టోబరు చివరి ఆదివారం నేను ఎర్రగడ్డ సండే మార్కెట్‌కు పోయాను. పాత ఇనుప డంబెల్స్ జత, ఒక్కోటి ఏడున్నర కిలోలు, బేరమాడితే 1,200కు ఇచ్చారు. రబ్బరు బ్యాండ్ 450, మ్యాట్ 400, తాడు 150 పెట్టి కొత్తవి కొన్నాను. మొత్తం 2,200.

పాతవి కొనేటప్పుడు మూడు చూసుకోవాలి. చెప్పిన బరువు నమ్మకుండా దగ్గర్లో ఏదైనా కాటా మీద పెట్టించాలి. పైన తుప్పు ఉంటే భయం లేదు, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. కానీ పిడి అతుకు దగ్గర పగులు ఉన్నా, ఊపితే గుండు కదిలినా తీసుకోవద్దు. చవకగా వచ్చే ప్లాస్టిక్ డంబెల్స్‌లో లోపల సిమెంటు ఉంటుంది. రెండుసార్లు కింద పడితే పగిలి పొడి రాలుతుంది, మళ్లీ అమ్ముదామన్నా ఎవరూ కొనరు. ఇనుముకు మాత్రం ఎప్పుడూ ధర ఉంటుంది. రబ్బరు బ్యాండ్ మాత్రం కొత్తదే కొనాలి. సాగదీస్తే సన్న పగుళ్లు కనిపించే బ్యాండ్ తెగి మొహానికి కొడుతుంది.

ఫిబ్రవరి చివరికి నేను వాటితో 46 సార్లు చేశాను, గోడ మీద క్యాలెండర్‌లో టిక్కులు ఉన్నాయి. 2,200ని 46తో భాగిస్తే ఒక్కసారికి 48 రూపాయలు. రేపు డంబెల్స్ 800కు అమ్మినా అసలు ఖర్చు 1,400, అప్పుడు 30 రూపాయలే. ఇక్కడ తేడా ఏంటంటే, నేను సంక్రాంతికి ఊరికి పోయిన రోజుల్లో డంబెల్స్ మంచం కింద ఉన్నాయి, వాటి గడువేమీ అయిపోలేదు. ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు సామాను నష్టం చేయదు, ప్యాకేజీ చేస్తుంది. మా రూమ్మేట్‌కు పడిన 128 రూపాయల లెక్కన చూస్తే 18 సార్లు వాడేసరికి నా 2,200 తిరిగొచ్చినట్టే. జిమ్ చెప్పిన 53 లెక్కన చూసినా 42 సార్లకు వచ్చేస్తుంది. కానీ అయిదుసార్లు చేసి వదిలేస్తే మాత్రం ఒక్కోసారికి 440. అది జిమ్ కంటే దారుణం.

రూములో కుదరనివి కూడా ఉన్నాయి. వీపుకు లాగే కసరత్తు కావాలి. బ్యాండ్‌ను ఇనుప మంచానికి కడితే మంచమే జరుగుతుంది. అందుకే వారానికి రెండు రోజులు గ్రౌండ్‌లోని బార్‌కు వేలాడతాను, దానికి పైసా ఖర్చు లేదు. కాళ్లకు 15 కిలోలు తక్కువ. ఒక కాలు వెనక మంచం మీద పెట్టి ఒంటికాలితో కూర్చుని లేస్తే కొంతకాలం సరిపోతుంది. డంబెల్ కింద పడితే టైల్ పగులుతుంది, వార్డెన్‌తో గొడవ. అందుకని మ్యాట్ రెండు మడతలు వేసి, దాని మీదే దింపాలి.

ఇవి సరిపోవడం లేదని తెలుసుకోవడం సులువు. ఆ బరువుతో ఏ కసరత్తయినా ఆగకుండా ఇరవై సార్లు, నిదానంగా దింపుతూ కూడా తేలికగా వస్తోందంటే ఆ డంబెల్ పని అయిపోయింది. అప్పుడు జిమ్‌కు పోవడంలో అర్థం ఉంది. అప్పటికి మీ క్యాలెండర్‌లో టిక్కులు కూడా ఉంటాయి, నెలకు నిజంగా ఎన్ని రోజులు చేస్తారో తెలుస్తుంది.

జిమ్ కౌంటర్ దగ్గర ఏడాది ప్యాకేజీ చూపిస్తారు, నెలకు 750 మాత్రమే అంటారు. నెలకు పది రోజులు పోయేవాడు, మూడు నెలలు సెలవులు, పరీక్షలు, జాతరలకు పోగా తొమ్మిది నెలల్లో 90 సార్లు పోతాడు. 9,000ని 90తో భాగించండి, సరిగ్గా 100. అది ఆ జిమ్‌లో ఒక్క రోజు పాస్ ధరే, పైగా డబ్బంతా ముందే కట్టేశారు. మీ నెల మీకు తెలిసేదాకా రోజు పాస్‌తోనో, ఒక్క నెల ఫీజుతోనో మొదలుపెట్టండి.