చేతిలో గ్లాసు

మా ఏజెన్సీలో పెళ్ళికి వెళ్ళిన మనిషి చేతిలో గ్లాసు ఖాళీగా ఉంటే ఎవరూ చూస్తూ ఊరుకోరు. మావ వరసైనా, బావ వరసైనా, చుట్టమైనా, ఎవరో ఒకరు వచ్చి నింపుతారు. అది మర్యాద. పెద్దవాళ్ళు పోస్తుంటే వద్దనడం తప్పుగా కనిపిస్తుంది. మా వైపు తాగుడు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ సంగతిని పట్టించుకోరు. "వద్దని చెప్పండి" అని ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోతారు. నేను మాత్రం పెళ్ళిళ్ళలో, ఇటుకల పండుగలో, థింసా ఆడే రాత్రుల్లో ఒక విషయం గమనిస్తూ వచ్చాను. మనవాళ్ళలో చాలామంది తాగాలనిపించి ఎక్కువ తాగరు. గ్లాసు ఖాళీ అయిందని తాగుతారు. కాబట్టి ఆ గ్లాసులో ఏముంది అనే దగ్గరే మనం పని మొదలుపెట్టవచ్చు.

ముందే ఒక మాట. దేవతకు, పెద్దలకు పోసే సాక గురించి నేను మాట్లాడటం లేదు. ఆకు దొప్పలో నాలుగు చుక్కలు నేల మీద పోయడం మన ఆచారం. దానివల్ల ఎవరూ పడిపోలేదు. ఆ తర్వాత రాత్రి పన్నెండింటి దాకా సాగే సీసాల సంగతి వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే పెద్దలు మన మాట వినరు. వినకపోవడం న్యాయమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇది ఏడో తరగతి పిల్లలకు కూడా వస్తుంది. సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు ఉందో చూసి, దాన్ని సీసా మీద రాసిన శాతంతో గుణించి, 100తో భాగించాలి. వచ్చేది అందులో ఉన్న అసలు ఆల్కహాలు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే 52 మిల్లీలీటర్లు. అదే సైజు మామూలు బీరు 5 శాతం అయితే 32 చిల్లర. చిన్న సీసా, 330 మిల్లీలీటర్లది, 5 శాతం అయితే 16 చిల్లర. 180 మిల్లీలీటర్ల క్వార్టరు 42.8 శాతం కాబట్టి 77. మన శరీరం గంటకు సుమారు 10 నుంచి 13 మిల్లీలీటర్లు మాత్రమే ఖర్చు చేయగలదు. మనిషిని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది. చన్నీళ్ళ స్నానం చేసినా, కాఫీ తాగినా, వాంతి చేసుకున్నా ఆ వేగం పెరగదు.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. సాయంత్రం ఏడింటికి పెళ్ళివారింటికి చేరాడు, పన్నెండు దాకా ఉన్నాడు. రెండు స్ట్రాంగ్ బీర్లు, ఒక క్వార్టరు తాగాడు. 52, 52, 77 కలిపితే 181. శరీరం గంటకు 13 చొప్పున ఖర్చు చేసినా దాదాపు పద్నాలుగు గంటలు పడుతుంది. అంటే ఏడింటికి మొదలైనది మరునాడు ఉదయం తొమ్మిది దాకా రక్తంలోనే ఉంటుంది. తెల్లారి బండి తీసి ఘాట్ రోడ్డులో దిగుతాడు, తాను మామూలుగానే ఉన్నాననుకుంటాడు.

అదే కుర్రాడు అదే ఐదు గంటలు మరో రకంగా గడిపితే ఎలా ఉంటుంది? వచ్చీ రాగానే చోడి అంబలి ఒక గ్లాసు, దానితో పాటు ఏదో ఒక తిండి. తర్వాత అల్లం, నిమ్మ, బెల్లం కలిపిన నీళ్ళు. ఆ తర్వాత ఒక మామూలు బీరు. మళ్ళీ ఒక గ్లాసు మజ్జిగ. చివర్లో ఒక చిన్న బీరు. మొత్తం ఆల్కహాలు 49. మొదటి బీరు నుంచి లెక్కపెడితే అది ఖర్చు కావడానికి దాదాపు నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రంతా అతని చేతిలో గ్లాసు ఉంది, ఎవరి మర్యాదా పోలేదు. మావ పోయడానికి వస్తే "ఇదుగో ఉంది మావా" అని గ్లాసు చూపించాడు, అంతే. "తాగను" అనే మాట కంటే "ఉంది" అనే మాట మన దగ్గర చాలా తేలిక.

మద్యం లేని పానీయం పనిచేసేది ఇందుకే. అది చేతిని నింపుతుంది, రెండు గ్లాసుల మధ్య సమయం పెంచుతుంది, దాహాన్ని తీరుస్తుంది. థింసా ఆడి చెమట పట్టినవాడు దాహానికి బీరు తాగితే గటగటా తాగుతాడు. ముందు నీళ్ళో మజ్జిగో తాగినవాడు బీరును మెల్లగా తాగుతాడు. కడుపులో అంబలి ఉంటే ఆల్కహాలు రక్తంలోకి ఎక్కడం కూడా నెమ్మదిస్తుంది.

అయితే ఏ పానీయం పెట్టాలి? తీపి కూల్‌డ్రింకు పెడితే పెద్దవాళ్ళు ముట్టరు, "పిల్లల నీళ్ళు" అంటారు. తీపి తొందరగా మొహం మొత్తుతుంది కూడా. పెద్దవాళ్ళు గంటసేపు పట్టుకుని చప్పరించేది పుల్లగానో, ఘాటుగానో, కాస్త చేదుగానో ఉండాలి. యాభై గ్లాసులకు నేను చెప్పే కొలత ఇది. పది లీటర్ల నీళ్ళు, ముప్పై నిమ్మకాయలు, ఆరు వందల గ్రాముల బెల్లం, నూరు గ్రాముల అల్లం, నాలుగు చెంచాల ఉప్పు, పిడికెడు పుదీనా. అల్లం దంచి లీటరు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడకట్టాలి. బెల్లం అందులోనే కరిగించాలి. చల్లారాక నిమ్మరసం పిండి మిగతా నీళ్ళు కలపాలి. వేడి మీద నిమ్మరసం పిండితే రుచి చేదెక్కుతుంది. కావాలంటే మిరియాల పొడి కొంచెం వేయండి. గొంతులో మంట తగిలితేనే సారాకు అలవాటు పడ్డ నాలుకకు ఏదో తాగినట్టు ఉంటుంది. జీసీసీ దుకాణంలో దొరికే నన్నారి షర్బత్తు కూడా మంచిదే. దాన్ని పలచగా కలిపి నిమ్మకాయ పిండితే తీపి తగ్గుతుంది.

ఇప్పపువ్వుతో కూడా చేయవచ్చు. ఎండిన పువ్వు బాగా కడిగి, ఉడికించి, వడకట్టి, నిమ్మరసం పిండి ఆ రోజే తాగేయాలి. ఒకే పువ్వు అన్నమూ అవుతుంది, సారా కూడా అవుతుంది. తేడా కుండలో ఎన్ని రోజులు ఉంచామన్నదే. నిలవ ఉంచిన పానీయం మీద బుడగలు, నురగ కనిపించినా, పుల్లని వాసన వచ్చినా, మూత ఉబ్బినా అది పులియడం మొదలైందని అర్థం. దాన్ని మద్యం లేనిదని పంచకూడదు.

నీరా, కల్లు సంగతి కూడా ఇదే. లోపల సున్నం పూసిన కుండలో దించి, తెల్లవారకముందే తీసి, చల్లగా ఉంచితే అది నీరా. సున్నం లేని కుండలో గీసిన గంట నుంచే పులియడం మొదలవుతుంది. జీలుగు కల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి ఎక్కడాన్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. పులిసిన కల్లు బలం మామూలు బీరు దగ్గరకు వస్తుంది. కల్లు కుండ మీద శాతం రాసి ఉండదు కాబట్టి "కల్లే కదా" అని లెక్క వదిలేయకూడదు.

కొనేవాటిలో పేరు చూడకండి, అంకె చూడండి. మన దేశంలో 0.5 శాతం దాటితే అది మద్యం కిందికే వస్తుంది. సీసా మీద 0.0 అని ఉంటే మద్యం లేనట్టు. "లైట్", "మైల్డ్" అన్న మాటలు మద్యం లేదని చెప్పవు. బీరులో 5 శాతం వరకు మామూలు, 5 దాటి 8 వరకు స్ట్రాంగ్. రంగురంగుల చిన్న సీసాల్లో పండ్లరసం రుచితో వచ్చేవాటి మీద కూడా శాతం వెతకాలి, రుచి దాన్ని దాచేస్తుంది. ఎనర్జీ డ్రింకులను మద్యంతో కలపవద్దు. మత్తు ఎక్కినా నిద్ర రాదు కాబట్టి ఇంకా తాగవచ్చనిపిస్తుంది.

తక్కువ బలం ఉన్నదాన్ని ఎంచుకోవడంలో ఒక మోసం ఉంది. "ఇది తేలికే" అనుకుని రెండు తాగితే లెక్క తిరగబడుతుంది. రెండు పెద్ద మామూలు బీర్లు 65, ఒక స్ట్రాంగ్ బీరు 52. అందుకే గ్లాసు పూర్తిగా అయ్యాకే మళ్ళీ పోయించుకోవాలి. సగంలో నింపించుకుంటే ఎన్ని తాగామో ఎవరికీ తెలియదు. ఖాళీ సీసా పక్కనే ఉంచుకోవడం మంచి పద్ధతి.

పెళ్ళి చేసేవాళ్ళు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. నిమ్మ అల్లం నీళ్ళ బాన పందిరి వాకిట్లోనే, మద్యం కంటే ముందు కనిపించేలా పెట్టాలి. ఎక్కడో వంటల వెనక పెడితే ఎవరూ వెతుక్కుని వెళ్ళరు. అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు ఇవ్వాలి. ఎవరి గ్లాసులో ఏముందో బయటికి తెలియకపోతే ఎగతాళి కూడా ఉండదు. బాన దగ్గర నమ్మకమైన మనిషి కూర్చోవాలి. సరదా పేరుతో అందులో సారా పోసే కుర్రాళ్ళు ఉంటారు, అదే బాన నుంచి పిల్లలు, గర్భిణులు కూడా తాగుతారు. ఈ పనికి వడ్డనలో పేరున్న పెద్దమ్మను కూర్చోబెడితే ఎవరూ దగ్గరికి రారు.

కొందరికి తక్కువ బలం కూడా సరిపడదు, వాళ్ళకు సున్నాయే కావాలి. బండి నడిపేవాళ్ళు, గర్భిణులు, పిల్లలు, టీబీ మాత్రలు వాడేవాళ్ళు. టీబీ మందులు కాలేయం మీద భారం వేస్తాయి, దాని మీద మద్యం పడితే కామెర్లు రావచ్చు. చట్టం ప్రకారం నడిపేవారి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలు ఉండకూడదు. సన్నటి మనిషి ఒక చిన్న బీరుతోనే ఆ గీత దగ్గరకు వెళ్ళవచ్చు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు బెల్లం నీళ్ళు కూడా వద్దు, ఉప్పు వేసిన పలచని మజ్జిగ ఇవ్వండి.

ఇంకొకరి విషయంలో ఈ మార్గం చాలదు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గ్లాసు పడితే గానీ వణుకు ఆగని మనిషి మన ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. అతని చేతిలో నిమ్మనీళ్ళు పెట్టి "ఈ రోజు నుంచి ఆపెయ్" అనకూడదు. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అతన్ని పీహెచ్‌సీకి తీసుకెళ్ళి డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మానేసి కొన్నాళ్ళైన మనిషికి 0.0 బీరు కూడా ఇవ్వకపోవడమే నయం. ఆ వాసన, ఆ నురగ పాత కోరికను లేపవచ్చు. అతనికి అంబలి గ్లాసు చాలు.

ఉపాధ్యాయులు ఈ గుణకారం, భాగహారం లెక్కను బడిలో ఒక పీరియడ్ చేయించవచ్చు. సీసా అక్కర్లేదు, అంకెలు బల్ల మీద రాస్తే చాలు. పిల్లలు ఇంటికి వెళ్ళి ఆ లెక్క తండ్రికి చెప్తారు. తండ్రి కోప్పడవచ్చు. అయినా మరుసటి పెళ్ళిలో సీసా తిప్పి అంకె చూస్తాడు.