డాష్‌బోర్డు మీద ఆ పసుపు దీపం

కొంచెం పెద్ద పోస్టే. రాత్రిపూట కారు తీసేవాళ్లు చివరిదాకా చదవండి.

పోయిన నెల గుంతకల్లులో పెళ్లికి వెళ్లి రాత్రి బళ్ళారికి తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో ముగ్గురం, డిక్కీలో చుట్టాలు ఇచ్చిన రెండు శనక్కాయల మూటలు, పెళ్లి సామాన్లు. ఎదురొచ్చే ప్రతి బండీ మాకు డిప్పర్ కొడుతోంది. మేము హైబీమ్ వేయలేదు. డిమ్‌లోనే ఉన్నాం. "వీళ్లకేమైందప్పా" అని విసుక్కున్నాం కూడా.

అంతలో ఎదురుగా వస్తున్న మోటార్‌సైకిల్ రోడ్డు దిగి మట్టిలో పడింది. ఆపి పరుగెత్తాం. నడిపే ఆయన వెనక భార్య, మధ్యలో చిన్న పాప. దేవుడి దయ, మోచేతులు గీరుకున్నాయి అంతే. ఆయన తిట్టలేదు. "కండ్లకు ఏమీ కనపడలేదు సార్, రోడ్డు ఎక్కడుందో తెలియలేదు" అన్నాడు. ఆ మాట ఇంకా మా చెవుల్లో ఉంది.

ఎందుకంటే తప్పు మాదే. రెండు వారాలుగా మా డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది: హెడ్‌లైట్ బొమ్మ, పక్కన పైకీ కిందికీ బాణం. ఒక షాపులో అడిగితే "లైట్లు వెలుగుతున్నాయి కదా, ఏం కాదు" అన్నారు. మేమూ వదిలేశాం.

తర్వాత బాగా తెలిసిన మెకానిక్ బండిని పైకెత్తి చూపించాడు. వెనక చక్రం దగ్గర సస్పెన్షన్‌కు ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. బరువు పెరిగి బండి వెనక ఎంత కుంగిందో అది కొలుస్తుంది. దాన్ని బట్టి హెడ్‌లైట్‌లోని చిన్న మోటారు వెలుగును కిందికి దించుతుంది. మా బండిలో ఆ సెన్సార్‌ను సస్పెన్షన్‌తో కలిపే లింకు రాడ్డు తుప్పు పట్టి విరిగింది. కొన్ని బండ్లు ఇలాంటప్పుడు లైటును బాగా కిందికి దించేస్తాయి. మా బండిలో అది ఖాళీ బండికి సరిపోయే చోటే ఆగిపోయింది. అందుకే ఊళ్లో ఖాళీగా తిరిగినన్నాళ్లూ ఏ తేడా తెలియలేదు.

బరువు పడితే ఏమవుతుందో మెకానిక్ లెక్క వేసి చెప్పాడు. మామూలుగా డిమ్ వెలుగు పై అంచు పది మీటర్లకు పది సెంటీమీటర్లు కిందికి దిగేలా పెడతారు. లైటు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 50 మీటర్ల దూరంలో ఆ అంచు నేలకు 20 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఎదుటివాడి కళ్లకు చాలా కింద. ఇప్పుడు వెనక భాగం 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండున్నర మీటర్లు. అంటే మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున వెలుగు పైకి లేస్తుంది. 50 మీటర్ల దగ్గర అది ఒక మీటరు. 20 ఉండాల్సిన అంచు 120కి వెళ్లింది. కార్లో కూర్చున్నవాడి కళ్లు దాదాపు అక్కడే ఉంటాయి. బైకు మీదివాడి కళ్లు ఇంకొంచెం పైన. బండి చిన్న గతుకెక్కినా అక్కడికీ కొడుతుంది.

అలా కొట్టిన వెలుగు నుంచి కళ్లు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. నడిపే మనకు మాత్రం రోడ్డు ఇంకా దూరం కనిపిస్తుంది. బాగుందనే అనుకుంటాం.

రాడ్డు మార్చడం పెద్ద పని కాదు. కానీ అంతటితో వదిలేయకూడదు. సమతలం మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, బండి ఖాళీగా పెట్టి, స్కానర్‌తో సెన్సార్‌కు 'ఇదీ నీ మామూలు ఎత్తు' అని మళ్లీ నేర్పించాలి. ఆ తర్వాతే హెడ్‌లైట్ ఎత్తు సరిచూడాలి. వెనక స్ప్రింగులు మార్చినా ఇదే పని చేయించాలి.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చదునైన చోట గోడకు పది మీటర్ల దూరంలో బండి ఆపి డిమ్ వేయండి. వెలుగు అంచు లైటు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కింద ఉండాలి. తర్వాత వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టండి. అంచు ముందు పైకి లేచినా కాసేపట్లో మళ్లీ దిగాలి. లేచినది లేచినట్టే ఉంటే లెవలింగ్ పనిచేయట్లేదు.

ఆటోమేటిక్ లేని చాలా కార్లలో స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మొదలయ్యే అంకెలున్న చక్రం ఉంటుంది. బరువు పెరిగితే పెద్ద అంకెకు తిప్పాలి. మనలో చాలామంది కారు కొన్న రోజు నుంచి సున్నాలోనే వదిలేశాం.

ఈ రాత్రే ఒకసారి మీ డాష్‌బోర్డు చూడండి. ఆ దీపం వెలుగుతుంటే, బాగయ్యేదాకా బరువు వేసుకుని రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. ఆ పాప ముఖం గుర్తొచ్చినప్పుడల్లా మా రెండు వారాల బద్ధకం గుర్తొస్తోంది.