చేతికి అంటిన సీతాఫలం, మీటర్లో ఎక్కిన షుగర్



సీతాఫలాలు దిగే కాలంలో మన ఖానాపూర్ దిక్కు గూడేలల్ల ఎవరి చెయ్యి ముట్టుకున్నా జిగటగనే ఉంటది. అడవి నుంచి తెచ్చుడు, పండినవి, పచ్చివి ఏరుడు, అంగడికి గంపలు నింపుడు, మెత్తబడ్డవి పిల్లలకు విప్పి పెట్టుడు, అంతా చేతులతోనే. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే పరీక్షలు ఆ రోజులల్ల కూడా జరుగుతయి. పండ్ల చేతితోనే వేలు చూపిస్తే మీటర్లో వచ్చే అంకె అబద్ధం కావచ్చు. అది ఎట్ల అయితదో, ఎట్ల గుర్తుపట్టాలో వివరంగా రాస్తున్నం.

పోయిన దసరా సెలవులల్ల ఊర్లో పరీక్షలు పెట్టినప్పుడు పేర్లు రాసే పని మేము చేసినం. యాభై దాటిన ఒక పెద్దమ్మ వచ్చింది. వేలికి స్పిరిట్ దూది రుద్ది, సూది గుచ్చి, చుక్క తీస్తే మీటర్ 268 చూపెట్టింది. చుట్టూ ఉన్నోళ్లు "అయ్యో, షుగర్ వచ్చిందట" అని అప్పుడే మొదలుపెట్టిన్రు. పెద్దమ్మ మొఖం వాడిపోయింది. ఏఎన్ఎం మేడం మాత్రం తొందరపడలే.

"దూప బాగా అయితుందా పెద్దమ్మా? రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నవ్?"

"అసొంటిదేం లేదు బిడ్డా."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"చాయ తాగిన, గంతే. పండ్లు ఏరుకుంట కూసున్న."

మేడం ఆమె వేళ్ల దిక్కు చూసి, సబ్బుతోని చేతులు కడిగిపిచ్చింది. మంచిగ తుడిచి ఆరినంక ఇంకో వేలుకు గుచ్చింది. ఈసారి 112 వచ్చింది. రెండు పరీక్షలకు మధ్య పది నిమిషాలు కూడా కాలే. అంతలో రక్తంలో షుగర్ 156 దిగదు. దిగింది చేతి మీదున్న పండు రసమే.

అంత జరా రసం అంత పెద్ద అంకెను ఎట్ల తెస్తది? లెక్క చూద్దాం. మీటర్ అంకె అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉందో చెప్పేది. కానీ స్ట్రిప్ పీల్చుకునే రక్తం చాలా తక్కువ, చాలా స్ట్రిప్పులకు ఒక మైక్రోలీటర్ లోపే. మైక్రోలీటర్ అంటే మిల్లీలీటర్లో వెయ్యో వంతు. 0.6 మైక్రోలీటర్ అనుకుంటే, 112 ఉన్న రక్తంలో అందులో ఉండే గ్లూకోజ్ సుమారు 0.7 మైక్రోగ్రాములు. అదే 268 చూపెట్టాలంటే 1.6 కావాలె. తేడా 0.9 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పది లక్షల వంతు కూడా కాదు.

పండు గుజ్జులో నూటికి ఐదు పాళ్లు గ్లూకోజ్ ఉందనుకుంటే, ఆ తేడాకు 20 మైక్రోగ్రాముల గుజ్జు చాలు. ఒక ఆవగింజ సుమారు రెండు మిల్లీగ్రాములు ఉంటది, కాబట్టి ఇది ఆవగింజలో నూరో వంతు. వేలి మీద చుక్క స్ట్రిప్ పీల్చేదానికన్నా పెద్దగుంటే ఇంకొన్ని వంతులు కావాలె, అయినా అది కంటికి కనబడేంత కాదు. అందుకే "చెయ్యి శుభ్రంగనే ఉంది కదా" అని చూసి చెప్పుడు కుదరదు.

స్ట్రిప్ మీద ఉండే ఎంజైమ్ గ్లూకోజ్‌ను పట్టుకుంటది. అది రక్తం నుంచి వచ్చిందా, తోలు మీద నుంచి వచ్చిందా దానికి తెల్వదు. పండ్లు, తేనె, బెల్లం, ఇప్పపువ్వు, గ్లూకోజ్ పొడి, వీటన్నిట్లో గ్లూకోజ్ తయారుగా ఉంటది. అందుకే ఎండకాలంలో తెల్లారంగ ఇప్పపువ్వు ఏరి వచ్చిన చేతికి కూడా ఇదే మాట వర్తిస్తది.

మరి స్పిరిట్‌తో తుడిచిన్రు కదా అని అడగొచ్చు. స్పిరిట్ క్రిములను చంపుతది. కానీ చక్కెరలు నీళ్లల్ల కరిగినట్టు స్పిరిట్‌లో కరగవు. దూది రుద్దితే రసం పూర్తిగ పోదు, కొంత అక్కడక్కడనే పాకుతది. దీన్ని జపాన్‌లో పరీక్షించి 2011లో డయాబెటిస్ కేర్ పత్రికలో అచ్చేసిన్రు. షుగర్ లేని ఆరోగ్యవంతులతో నారింజ, ద్రాక్ష, కివీ పండ్ల తొక్క తీయించి వేలు గుచ్చితే అంకెలు చాలా ఎక్కువ వచ్చినయి. స్పిరిట్‌తో ఐదుసార్లు తుడిచినా ఎక్కువే వచ్చింది. నల్లా నీళ్లతో కడిగినంక మామూలు అంకె వచ్చింది.

ఈ తప్పు అంకెతో నష్టం రెండు రకాలు. ఒకటి, పెద్దమ్మలాగ లేని జబ్బు పేరు పడుడు. రెండోది ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేటోళ్లకు నిజంగ 120 ఉండి మీటర్ 280 చూపిస్తే, ఆ అంకెను నమ్మి ఎక్కువ డోసు వేసుకుంటే షుగర్ పడిపోతది. ఇంకోసారి, షుగర్ అప్పటికే 58కి పడిపోయి చెమటలు, వణుకు వస్తున్న మనిషి చేతికి పండు అంటి ఉంటే మీటర్ 158 చూపించి "బాగనే ఉంది" అనిపిస్తది. కాబట్టి చెమట, వణుకు, తిక్కతిక్క మాటలు ఉంటే అంకెను పట్టుకొని కూసోవద్దు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాపాలె. తర్వాత చేతులు కడిగి మళ్లీ చూడాలె. తెలివి తప్పితే నోట్లో ఏం పోయొద్దు, 108కి ఫోన్ చేయాలె.

చేసే పద్ధతి ఇది. సబ్బు, నీళ్లతో వేళ్ల కొసలు, గోర్ల పక్కలు రుద్ది కడగాలె. గోరువెచ్చని నీళ్లయితే రక్తం సులువుగ వస్తది. శుభ్రమైన బట్టతో తుడిచి పూర్తిగ ఆరనియ్యాలె, ఎందుకంటే తడి వేలు మీద చుక్క పలచబడి అంకె తప్పుగ రావచ్చు. వేలు కొసకు పక్కన గుచ్చాలె. గట్టిగ పిండొద్దు, అట్ల చేసినా అంకె మారుతది. నీళ్లు అందుబాటులో లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడొచ్చు. 2011లోనే నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలో, పండు ముట్టిన చేతులతో మొదటి చుక్క నూటికి 88 మందిలో 10 శాతమో ఇంకా ఎక్కువో తేడా చూపింది, రెండో చుక్క 11 మందిలో చూపింది. అంటే రెండో చుక్క మేలే గాని, కడుగుడుకు సాటి కాదు.

ఒక మాట మాత్రం గట్టిగ పట్టుకోండి. కడిగి ఆరినంక కూడా ఎక్కువే వస్తే అది పండు మీద నెట్టేసే అంకె కాదు. పీహెచ్‌సీకి పోయి, చేతి నరం నుంచి రక్తం తీసి చేసే పరీక్ష చేయించుకోవాలె. ఆ రక్తం వేలి తోలుకు తగలదు కాబట్టి దాంట్లో ఈ గోల ఉండదు. పెద్దమ్మకు కూడా మేడం ఇదే చెప్పింది, "112 వచ్చినా ఏడాదికోసారి చూపించుకో" అని.

ఇగ మీ ఊర్లో పరీక్షలు పెడితే, పేర్లు రాసే బల్ల పక్కన ఒక బకెట్ నీళ్లు, సబ్బు, తుడుచుకునే శుభ్రమైన బట్టలు పెట్టిపియ్యండి. వరుసలో నిలబడకముందే చేతులు కడుక్కొమ్మని చెప్పండి.