అమ్మవారు ఒక్కతూరే, కరోనా మాత్రం మళ్ళీ మళ్ళీ

2021 మేలో పాకాల వైపు నుంచి ఒక పెద్దావిడ తిరుపతిలో నా దగ్గరికి వచ్చింది. వెన్ను నుంచి బొడ్డు దాకా, కుడిపక్క మాత్రమే, వడ్డాణం పెట్టినంత మేర నీటి పొక్కులు. సర్పి. మూడు రోజుల్లోపే వచ్చింది గనుక ఎసైక్లోవిర్ రాశాను. తోడొచ్చిన కొడుకు రెండోసారి కరోనా వచ్చి అప్పుడే కోలుకున్నాడు.

“సామీ, నాకు చిన్నప్పుడు ఒక్కతూరి అమ్మవారు పోసింది, మళ్ళా పోయలా. వీడికి ఏడాది తిరక్కముందే మళ్ళా ఎట్లొచ్చె?” అని అడిగింది.

ఆమె నడుం మీది పొక్కులు ఆ చిన్ననాటి ఆటలమ్మ వైరస్‌వే. ఇన్నేళ్ళూ వెన్ను పక్కన నరాల ముడుల్లో దాక్కుని, ఒంట్లో శక్తి తగ్గగానే బయటికొచ్చింది. అది డీఎన్ఏ వైరస్. దాని జన్యువులో దాదాపు 1,25,000 అక్షరాలు, రెండు పేటలుగా ఉంటాయి. నకలు తీసే ఎంజైము ప్రతి అక్షరం పెట్టాక సరిచూసుకుంటుంది, తప్పయితే తీసేసి మళ్ళీ పెడుతుంది. అప్పటికీ తప్పు మిగిలితే దిద్దడానికి రెండో పేట ఆధారంగా ఉంటుంది. అందుకే తరాలు గడిచినా ఆ వైరస్ పెద్దగా మారదు, శరీరం దాన్ని గుర్తుపడుతూనే ఉంటుంది.

ఆర్ఎన్ఏ వైరస్‌లలో చాలావాటికి ఈ సరిచూపు లేదు. పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు దొర్లుతుంది. ఫ్లూ వైరస్ మొత్తం జన్యువే సుమారు 13,500 అక్షరాలు కాబట్టి, కొద్ది నకళ్ళు తీసేసరికే ఏదో ఒక మార్పు వచ్చేస్తుంది. ఎక్కువ మార్పులు వైరస్‌కే చేటు, ఆ నకళ్ళు నశిస్తాయి. పనికొచ్చింది ఒక్కటుంటే అదే నిలుస్తుంది. తట్టు కూడా ఆర్ఎన్ఏ వైరస్సే. కానీ దాని పైప్రొటీన్లు మార్పును ఓర్చుకోలేవు, అందుకే పాత టీకా ఇప్పటికీ పనిచేస్తోంది.

కరోనా వీటికి కాస్త భిన్నం. 30,000 అక్షరాల పొడవు కనుక తప్పులు దిద్దే ఎంజైము ఒకటి దానికి ఉంది. ఫ్లూ కంటే నిదానంగానే మారుతుంది. అయినా కోట్ల మంది ఒళ్ళలో పెరిగినప్పుడు ఆ నిదానం చాల్లేదు.

“నాకొచ్చింది ఏపీ స్ట్రెయినా సార్?” అన్నాడు కొడుకు. ఆ నెలలో అందరి నోటా అదే మాట. అతని చేతిలోని ఆర్టీపీసీఆర్ రిపోర్టు ఆ సంగతి చెప్పలేదు. వైరస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. రకం తెలియాలంటే జన్యుక్రమం చదవాలి. రెండోసారి రావడానికి మొదటి రక్షణ తగ్గడం కూడా కారణం కావచ్చని చెప్పాను.

ఏపీ స్ట్రెయిన్ అన్నది ఎన్440కె అనే మార్పున్న రకాన్ని. ఒక్క అక్షరం మారి, స్పైక్ ప్రొటీన్ 440వ స్థానంలో ఆస్పరజీన్ బదులు లైసిన్ చేరింది. 2020లోనే మన రాష్ట్రంలో కనిపించిన ఆ రకాన్ని, మనం భయపడుతున్న వేళకే డెల్టా పక్కకు నెట్టేస్తోంది. ఒక ప్రాంతం పేరు తగిలించి జనాన్ని బెదరగొట్టడం నాకు బాధ కలిగించింది.

ఆ ఏడాది చివర్లో వచ్చిన ఒమిక్రాన్‌లోనూ 440వ స్థానంలో అదే లైసిన్ ఉంది. మన దగ్గరి రకం నుంచి దిగిన వంశం కాదది. వేరే కొమ్మలో అదే తప్పు విడిగా దొర్లి, అక్కడా నిలిచింది.