ఆదివారం పాఠాలు, పనిదినాల పరీక్షలు

మా మదర్సాలో హిఫ్జ్ పూర్తిచేసి, ఆ తర్వాత ఇంటర్మీడియెట్ కూడా చదివిన మా శిష్యుడొకడు హైదరాబాదులో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఉదయం తొమ్మిది నుండి రెండు వరకు, మళ్ళీ సాయంత్రం అయిదు నుండి పది వరకు అతని కొలువు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అంటే మనవారు ఇగ్నో అని పిలిచేచోట, బి.ఏ.లో చేరేముందు మా సలహా అడిగాడు. తరగతులు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే జరుగుతాయని విని, పరీక్షలూ అలాగే ఉంటాయని మేము భావించాము. "నిశ్చింతగా చేరు నాయనా" అన్నాము. ఆ మాట సగమే నిజమని ఆరు నెలలకు గాని మాకు తెలియలేదు.

అధ్యయన కేంద్రం ఆయా ఊళ్ళలో పాఠాలకు సెలవు దినాలను ఎంచుకోగలదు. పరీక్ష అలా కాదు. ఒక సబ్జెక్టు ప్రశ్నపత్రం దేశమంతటా ఒకే రోజున, ఒకే వేళలో ఇవ్వవలసి ఉంటుంది. ఉదయం పది నుండి ఒంటిగంట వరకు ఒక పూట, మధ్యాహ్నం రెండు నుండి అయిదు వరకు మరొక పూట. నెలకు నాలుగు ఆదివారాలనుకుంటే దొరికేది ఎనిమిది పూటలే. వందలాది సబ్జెక్టులను, ఒక విద్యార్థికి రెండు పరీక్షలు ఒకే పూటలో పడకుండా, ఆ ఎనిమిదింటిలో సర్దడం అసాధ్యం. అందుచేత జూన్‌లోను, డిసెంబరులోను మొదలయ్యే ఈ పరీక్షలు వారాల తరబడి పనిదినాల్లో సాగుతాయి. శుక్రవారానికీ మినహాయింపు లేదు.

ఆ జూన్‌లో మావాడు ఒక పరీక్ష పోగొట్టుకున్నాడు. మొదట వెలువడేది తాత్కాలిక పట్టిక. దానినే అచ్చు తీయించి గోడకు అంటించుకున్నాడు. పరీక్షలకు కొద్దిరోజుల ముందు వచ్చే హాల్ టికెట్‌పై ప్రతి సబ్జెక్టు కోడ్ ఎదుట తేదీ, పూట ఉంటాయి. అతడు మాత్రం అందులో కేంద్రం చిరునామా చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తీరా వెళ్ళేసరికి ఆ పరీక్ష ముందురోజే ముగిసింది. అక్కడ వెంటనే మళ్ళీ రాసే ఏర్పాటు ఉండదు. డిసెంబరు దాకా ఆగి, మళ్ళీ దరఖాస్తు పెట్టి, ఆ సబ్జెక్టుకు మళ్ళీ రుసుము కట్టవలసిందే. అసైన్‌మెంట్ల మార్కులు మాత్రం పోలేదు, అల్‌హందులిల్లాహ్.

డిసెంబరు దఫాకు పాత పరీక్షతో కలిపి అయిదు వచ్చాయి. "అయిదు రోజుల సెలవు అడిగితే సేఠ్ వేరే మనిషిని చూసుకుంటాడు, హజ్రత్! పరీక్షలు మానేస్తాను" అన్నాడు. ఆ మాటకు మాకు నిద్రపట్టలేదు. చేరమన్నది మేమే కదా! మరునాడు హాల్ టికెట్‌ను ముందు పరచుకుని ఇద్దరం కూర్చున్నాము.

మంగళవారం ఉదయం ఒకటి, శుక్రవారం మధ్యాహ్నం ఒకటి, సోమవారం రెండు పూటలా రెండు, ఆపై గురువారం ఉదయం ఒకటి. రోజులుగా లెక్కిస్తే నాలుగు. కాని అతని కొలువు కూడా రెండు పూటలదే. మంగళ, సోమ, గురువారాల్లో కావలసింది ఉదయపు పూట సెలవు మాత్రమే. శుక్ర, సోమవారాల సాయంత్రాల్లో కొంత ఆలస్యంగా రావడానికి అనుమతి కావాలి. అయిదు రోజుల సెలవు మూడు పూటలకు దిగింది. అతడు కాగితంపై రాసి చూపితే యజమాని కాదనలేదు. ఆ మూడు పూటలకు బదులు మధ్యాహ్నపు విరామాల్లో పనిచేయమన్నాడు.

శుక్రవారం సంగతి మేము చూసుకున్నాము. మా మసీదులో జుమా ముగిసేసరికి రెండు కావస్తుంది. అక్కడినుండి బయలుదేరితే పరీక్ష అందదు. అయితే అన్ని మసీదుల్లో జమాత్ ఒకే వేళకు జరగదు. పరీక్షా కేంద్రానికి నడక దూరంలోని మసీదుకు ఫోన్ చేయగా, అక్కడ ఒంటిగంటకే ఖుత్బా మొదలవుతుందని ఇమామ్ సాహెబ్ చెప్పారు. ఇక అస్ర్ విషయం: డిసెంబరు ఆరంభంలో హైదరాబాదులో సూర్యాస్తమయం దాదాపు 5.40కి. అయిదింటికి బయటపడినవాడు ముందు నమాజు చేసుకుని ఆ తర్వాతే బస్సెక్కాలి. దారి రద్దీని నమ్ముకుంటే ఆ నమాజు వేళ దాటిపోతుంది. సోమవారం రెండు పరీక్షల నడుమ ఉన్నది ఒక్క గంటే. దానిలోనే జుహర్, భోజనం. ఇంటినుండి రొట్టెల డబ్బా తీసుకువెళ్ళమన్నాము. హోటలు వెతుక్కునే వ్యవధి ఎక్కడిది?

అయిదూ రాశాడు. ఫలితాలు ఇంకా రాలేదు. నిన్న అతని తమ్ముడు, ఆటో నడిపేవాడు, తానూ చేరతానని వచ్చాడు. "తరగతులు ఆదివారమేగా, హజ్రత్?" అన్నాడు. అన్న హాల్ టికెట్ తెచ్చి చూపించమని పంపాము.