రేపు ఫిజిక్స్ రాసే తమ్ముడికి

తమ్ముడూ,

స్టడీ అవర్ అయ్యాక మెట్ల దగ్గర నిలబడి అడిగావు కదా, "అన్నా, న్యూక్లియర్ రియాక్టర్ అస్సలు ముట్టుకోలేదు, ఇప్పుడు మొదలుపెట్టనా?" అని. మేం ముగ్గురం మాట్లాడుకుని రాస్తున్నాం. మొదలుపెట్టకు.

ఎందుకో చెప్తాం. మీ పేపర్ 60 మార్కులది. చివరి సెక్షన్లో 8 మార్కుల ప్రశ్నలు మూడిస్తారు, రెండు రాస్తే చాలు. 4 మార్కులవి ఎనిమిదిలో ఆరు రాయాలి. అంటే రాని ప్రశ్నను వదిలేసే వీలు పేపర్లోనే ఉంది. రియాక్టర్ వస్తే వదిలేసుకోవచ్చు. కానీ నువ్వు చదివిన తరంగాల పాఠంలో మూసిన గొట్టం ఫార్ములా తెరిచిన గొట్టానికి, దానిది దీనికి రాసేస్తున్నావు. పోయిన రెండు స్లిప్ టెస్టుల్లోనూ మార్కులు పోయింది అక్కడే. వచ్చిన ప్రశ్నలో పోయే మార్కులవి. కొత్త పాఠం ఈ గంటలో పూర్తి కాదు, ఇది మాత్రం అరగంటలో సర్దుకుంటుంది.

ముందు పుస్తకం మూసెయ్. తెరిచి చదువుతుంటే ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటది. అది కళ్లకు అలవాటైన తెలివి, చేతికి వచ్చిందో లేదో అందులో తెలీదు. ఒక తెల్లకాగితం తీసుకో. ఫార్ములా ఒక్కటీ రాయకు, మూడు బొమ్మలు మాత్రం గియ్యి.

మొదటిది రెండు కొసలా కట్టిన తీగ. కట్టిన చోట తీగ కదలలేదు కాబట్టి ఆ రెండూ నోడ్‌లు. మధ్యలో బాగా ఊగుతుంది, అది యాంటీనోడ్. ఒక్క ఉబ్బు వస్తుంది. ఒక ఉబ్బు అంటే సగం తరంగం. తీగ పొడవు l అయితే పూర్తి తరంగం 2l. వేగం అంటే పౌనఃపున్యాన్ని తరంగదైర్ఘ్యంతో గుణించడమే కాబట్టి n = v/2l.

రెండోది తెరిచిన గొట్టం. రెండు కొసలూ తెరిచే ఉన్నాయి, అక్కడ గాలి బాగా కదులుతుంది. కదలనిది మధ్యలో. తీగ బొమ్మకు ఇది తిరగేసిన బొమ్మ. కానీ యాంటీనోడ్ నుంచి యాంటీనోడ్ దాకా దూరం కూడా సగం తరంగమే. అందుకే ఇక్కడా n = v/2l.

మూడోది మూసిన గొట్టం. ఒక కొస గోడలా ఉంది, అక్కడ గాలి కదలడానికి చోటు లేదు, నోడ్. తెరిచిన కొసన యాంటీనోడ్. నోడ్ నుంచి దగ్గరి యాంటీనోడ్ దాకా పావు తరంగమే. అంటే పూర్తి తరంగం 4l, n = v/4l. నువ్వు మర్చిపోతున్న ఆ 4 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావా? బొమ్మ గియ్యడం వస్తే దాన్ని గుర్తుపెట్టుకునే పనే లేదు.

1, 3, 5 అనే నిష్పత్తి కూడా ఇదే బొమ్మలో ఉంది. మూసిన గొట్టానికి ఒక కొసన నోడ్, ఇంకో కొసన యాంటీనోడ్ ఎప్పుడూ ఉండాల్సిందే. ఒక పావుతో అది కుదురుతుంది. రెండు పావులు వేస్తే రెండు కొసలా ఒకేరకం వస్తుంది, కుదరదు. మూడు వేస్తే మళ్లీ కుదురుతుంది, ఐదు వేస్తే కుదురుతుంది. అందుకే సరిసంఖ్యలు రావు. తెరిచిన గొట్టంలో సగాలు పేర్చుకుంటూ పోతాం, ఏ సగమైనా కుదురుతుంది కాబట్టి 1, 2, 3.

ఇప్పుడు ఒక లెక్క చెయ్యి. గొట్టం పొడవు 85 సెం.మీ., గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. మూసిన గొట్టమైతే ప్రాథమిక పౌనఃపున్యం 340/(4 × 0.85). కింద 3.4 వస్తుంది, జవాబు 100 హెర్ట్జ్. తర్వాతవి 300, 500. అదే గొట్టం రెండు వైపులా తెరిస్తే 340/(2 × 0.85), అంటే 200 హెర్ట్జ్. తర్వాతవి 400, 600. పొడవు ఒకటే అయినప్పుడు తెరిచినదాని ప్రాథమిక పౌనఃపున్యం మూసినదానికి రెట్టింపు రావాలి. రాకపోతే ఎక్కడో తారుమారు చేశావని అర్థం.

ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు 85ని మీటర్లలోకి మార్చకుండా వేసేయడం. అప్పుడు జవాబు 1 హెర్ట్జ్ వస్తుంది. మన చెవికి వినపడేది దాదాపు 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా. సెకనుకు ఒక్కసారి కదిలేది స్వరంలా వినపడదు కదా. జవాబు కింద గీత గీసే ముందు ఈ మాట ఒక్కసారి అడుగు: ఇది వినపడే శబ్దమేనా?

నమ్మకం కుదరకపోతే రంధ్రం లేని పెన్ను క్యాప్ తీసి అంచు మీద ఊది చూడు. లోపల ఐదు సెంటీమీటర్లు ఉందనుకో, 340/(4 × 0.05) అంటే సుమారు 1700 హెర్ట్జ్, సన్నటి ఈల. కొసన రంధ్రం ఉన్న క్యాప్ అయితే అది మూసిన గొట్టం కాదు, ఈ లెక్క దానికి పనికిరాదు. మీ వార్డెన్ నిద్రపోయాక మాత్రం ఊదకు!

తీగ ఫార్ములాలో వేగం √(T/μ). T పైనా, μ పైనా అని హాల్లో సందేహం వస్తే యూనిట్లు రాసుకో. T తన్యత, న్యూటన్‌లలో, అంటే kg·m/s². μ మీటరు పొడవుకు ఉండే ద్రవ్యరాశి, kg/m. T ని μ తో భాగిస్తే కిలోగ్రాములు పోయి m²/s² మిగులుతుంది. దానికి వర్గమూలం m/s, అది వేగం. తిరగేసి రాస్తే s/m వస్తుంది, అది వేగం కాదు. కానీ ఒకటి గుర్తుంచుకో: యూనిట్లు 2, 4 లాంటి అంకెల్ని పట్టించవు. v/2l కీ v/4l కీ యూనిట్ ఒకటే. ఆ అంకెల్ని బొమ్మే చెప్పాలి. అందుకే ముందు బొమ్మ, తర్వాత యూనిట్లు.

ఇదంతా అయ్యాక పుస్తకం తెరిచి పోల్చు. తప్పు పోయిన చోట మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దు. మళ్లీ మూసి ఆ ఒక్క ముక్కే ఇంకోసారి రాయి. రెండోసారి చూడకుండా వచ్చిందంటే అది అయిపోయినట్టే, దాన్నే తిప్పి తిప్పి చదవకు. మిగిలిన టైంలో నీకు వచ్చిన ఇంకో 8 మార్కుల ప్రశ్న, వీట్‌స్టన్ బ్రిడ్జ్ అనుకో, దాన్ని కూడా ఇట్లాగే చెయ్యి. సర్క్యూట్ బొమ్మ, కరెంట్ల బాణాలు, కిర్కాఫ్ సమీకరణాలు రెండు, అంతే. పది గంటలకు ఆపెయ్.

పొద్దున గేటు దగ్గర ఎవరో ఒకరు "ఇది పక్కా వస్తదంట" అని కొత్త కాగితం పట్టుకొస్తారు. ఏది వస్తుందో మాకూ తెలీదు, వాళ్లకూ తెలీదు. నువ్వు ఎర్ర పెన్నుతో దిద్దుకున్న కాగితమే చూస్కో. హాల్లో గొట్టం ప్రశ్న వచ్చి ఏదీ తోచకపోతే, ఫార్ములా కోసం వెతకకు. చివరి పేజీలో చిన్నగా గొట్టం గీసి, ఏ కొసన గాలి కదలగలదో గుర్తుపెట్టు. అక్కణ్ణుంచి జవాబు దానంతటదే కిందికి దిగుతుంది.

ఇంట్లో అమ్మకి, బాపుకి రేపు పరీక్షనే తెలుసు, ఏం చదవాలో వాళ్లు చెప్పలేరు. మా ఇళ్లల్లోనూ అంతే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఐదున్నరకి లేపుతాం. హాల్ టికెట్, రెండు పెన్నులు ఇప్పుడే ప్యాడ్‌కి పెట్టుకో.

పై రూం అన్నలు