లేబర్ ఎందుకు రాలేదు?

సివిల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, సైట్ ఇంజనీర్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?" హైదరాబాద్‌లో నేను హాజరైన ఒక ఇంటర్వ్యూ చెప్తాను. ప్రధానంగా మూడు ప్రశ్నలు. కాంక్రీట్, సేఫ్టీ, లేబర్. పుస్తకంలో అవి మూడు వేర్వేరు పాఠాలు. సైటులో మూడూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి.

మొదటి ప్రశ్న. "6 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది. 120 మిల్లీమీటర్ల స్లంప్ రావాలి, 60 మాత్రమే వచ్చింది. పంపులో పోవట్లేదు. ఒక డ్రమ్ము నీళ్లు పోద్దామని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేస్తావు?"

నేను కాగితం అడిగి లెక్క వేశాను. డ్రమ్ము అంటే 200 లీటర్లు. 6 క్యూబిక్ మీటర్లకు పంచితే ఒక్కోదానికి 33 లీటర్లు. క్యూబిక్ మీటరుకు సిమెంట్ 350 కిలోలు, నీటి నిష్పత్తి 0.45 అనుకుంటే, అసలు నీళ్లు 157 లీటర్లు. ఇప్పుడవి 190 అవుతాయి. నిష్పత్తి 0.54కు చేరుతుంది. ఓ మోస్తరు తేమ, ఎండ తగిలే ఆర్‌సీసీకి ఐఎస్ 456 పెట్టిన హద్దు 0.50. అంటే ఒక్క డ్రమ్ముతో హద్దు దాటిపోయాం.

కాబట్టి నీళ్లు పోయను. లారీ ప్లాంటు నుంచి ఎప్పుడు బయల్దేరిందో చలానాలో చూస్తాను. టైము మించకపోతే, ప్లాంటు క్వాలిటీ మనిషితో మాట్లాడి, అతను చెప్పిన మోతాదులో అడ్మిక్చర్ కలిపించి, డ్రమ్మును బాగా తిప్పించి, మళ్లీ స్లంప్ చూస్తాను. టైము దాటిపోతే లారీని వెనక్కి పంపుతాను.

అయినా వాళ్లు వదల్లేదు. "క్యూబులు పాసైతే నీకేం ఇబ్బంది?" అన్నారు. అసలు మోసం అక్కడే ఉంటుంది. నీళ్లు పోయకముందు తీసిన క్యూబులు 28 రోజులకు పాసవుతాయి. కానీ స్లాబులో పడ్డది ఆ కాంక్రీట్ కాదు. అందుకే క్యూబులకు కాంక్రీట్ ఎప్పుడు, ఎవరి ఎదుట తీశారన్నది కాగితం మీద ఉండాలి.

రెండో ప్రశ్న. "ఫస్ట్ ఫ్లోర్ అంచున ఒకతను బెల్టు లేకుండా పని చేస్తున్నాడు." పని ఆపించి, బెల్టు ఇచ్చి, ఫైన్ వేస్తాననే జవాబు కోసం చూస్తున్నారు. పని ఆపిస్తానన్నాను. తర్వాత నేనే అడిగాను: "బెల్టు ఇస్తే కొక్కెం దేనికి తగిలిస్తాడు సార్?"

కింద నేల 3 మీటర్ల దూరం. బెల్టు తాడు 1.8 మీటర్లు. కాళ్ల దగ్గరి రాడ్‌కు తగిలించి పడిపోతే, తాడు బిగిసేసరికి అతని వీపు అంచుకు 1.8 మీటర్ల కింద ఉంటుంది. వీపు నుంచి పాదాల దాకా ఇంకో మీటరున్నర. మొత్తం 3.3. తాడు బిగిసేలోపే మనిషి నేలకు తగులుతాడు. బెల్టు ఉంది, ఫోటో ఉంది, ప్రాణం మాత్రం లేదు. అందుకని ముందు అంచుకు నడుమెత్తు రెయిలింగ్. అది కుదరని చోట తలపైన గట్టి ఆధారం చూసి, దానికి తగిలించే బెల్టు.

మూడోది: "లేబర్‌ని ఎలా హ్యాండిల్ చేస్తావు?" మా నాయిన సెంట్రింగ్ పని చేశాడు, మా అమ్మ తట్ట మోసింది. ఆ మాట వినగానే నాకు వాళ్లే గుర్తొచ్చారు. అయినా లెక్కే చెప్పాను.

వాళ్లిచ్చిన కేసు ఇది. సోమవారం పొద్దునకి ఇంకా నాలుగున్నర టన్నుల స్టీలు కట్టాలి. ఒక్కొక్కరు రోజుకు 150 కిలోలు కడతారు. 15 మందైతే రెండు రోజుల పని. బుధవారం కాంక్రీట్ బుక్కయింది. వచ్చింది 8 మందే. ఇప్పుడది దాదాపు నాలుగు రోజుల పని. కాబట్టి ముందు ప్లాంటుకు ఫోన్ చేసి కాంక్రీట్‌ను శుక్రవారానికి జరుపుతాను. ఆ ఎనిమిది మందినే రాత్రీ పగలూ తోలితే కవర్ బ్లాకులు మర్చిపోతారు, అంచున కాలు జారుతుంది, చివర్లో తొందరకి డ్రమ్ము నీళ్లు పడతాయి. మొదటి రెండు ప్రశ్నలూ మూడోదానిలో నుంచే పుడతాయి.

తర్వాత హాజరు పుస్తకం తెరుస్తాను. రాని ఏడుగురూ ఒకే ముఠానా? పండగా, నాట్లా, జ్వరాలా? లేక మేస్త్రీ రెండు వారాలుగా డబ్బులు ఇవ్వలేదా? చివరిదైతే కొత్త ముఠాని తెస్తే సరిపోదు, వాళ్లూ రెండు వారాల్లో పోతారు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలన్నది 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం నుంచీ ఉన్న నియమం. ఆ సంగతి ప్రాజెక్ట్ మేనేజర్‌కి రాసి పంపడం సైట్ ఇంజనీర్ పని.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "నువ్వు లేబర్ వైపా, కంపెనీ వైపా?" అన్నాడు.

"స్లాబ్ వైపు సార్. కూలి అందని చేతులతో మంచి స్లాబ్ పడదు."

ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు ముందుగా అడిగి చూసింది డ్రాయింగులు కాదు, హాజరు పుస్తకం.